ఇరవై ఏళ్ళ తర్వాత స్కూల్ దోస్తుకి ఉత్తరం: ఏది గుర్తు చేయాలి, ఏది అడగకూడదు

ప్రశ్న: "పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్న దోస్తు సార్. తర్వాత వాళ్ళ ఫ్యామిలీ హైదరాబాద్ నుంచి వెళ్ళిపోయింది, ఇరవై ఏళ్ళు దాటింది. ఈ మధ్య ఒకరి ద్వారా వాడి అడ్రస్, నంబర్ రెండూ దొరికాయి. ఉత్తరం రాద్దామని కూర్చుంటే నాలుగు లైన్లకే పరీక్షలో రాసే లేఖలాగా తయారవుతోంది. స్కూల్ సంగతులు ఏవి రాయాలి, ఇప్పుడెలా ఉన్నావని ఎలా అడగాలి? అసలు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేస్తే సరిపోదా?"

జవాబు:

ముందు ఆ వాట్సాప్ సంగతి తేల్చేద్దాం తమ్ముడూ. "హాయ్ రా గుర్తున్నానా" అని పెడతావు, అవతల వాడు ఏ బైక్ మీదో ఆఫీసులోనో ఉండి "అరే ఎలా ఉన్నావ్ రా, బాగున్నా" అంటాడు, నువ్వు ఒక నవ్వు బొమ్మ, వాడు ఒక దండం బొమ్మ, వారం తర్వాత గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్ ఒకటి, అంతే, కథ కంచికి. తప్పు ఎవరిదీ కాదు, చూసినట్టు రెండు నీలి టిక్కులు పడ్డాక వెంటనే ఏదో ఒకటి అనాలి కదా, ఇరవై ఏళ్ళ తర్వాత వెంటనే అనడానికి ఎవరి దగ్గర మాత్రం ఏముంటుంది. ఉత్తరమైతే వాడు చదివి, పక్కన పెట్టి, రాత్రి మళ్ళీ తీసి చదువుకునే వీలుంది. అందుకని ఉత్తరమే రాయి, ఫోన్ నంబర్ దాని చివర పెట్టు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, ఆ పరీక్ష లేఖలు ఎన్ని దిద్దానో లెక్కలేదు, ఇప్పుడేమో పాత బ్యాచ్‌ల వాళ్ళు సమ్మేళనాలు పెట్టుకుంటూ దూరమైన వాళ్ళకి ఉత్తరాలు రాయాలంటే నా దగ్గరికే వస్తుంటారు. నీ లేఖ అలా ఎందుకొస్తోందంటే, చెయ్యి ఆ చట్రానికి అలవాటు పడిపోయింది. పైన కుడివైపు ఊరు, తేదీ, తర్వాత "ప్రియమైన మిత్రునికి", "నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను", "ఉభయకుశలోపరి", అన్నీ అయ్యాక "ఇట్లు, నీ ప్రియ మిత్రుడు". వీటికి మార్కులున్నాయి కాబట్టి రాశాం. ఊరూ తేదీ ఉంచుకో, అవి పదేళ్ళ తర్వాత పనికొస్తాయి. మిగతావన్నీ తీసేసి, వాడు ఎదురుగా ఉంటే ఏ భాషలో మాట్లాడతావో ఆ భాషలో మొదలుపెట్టు. ముషీరాబాద్‌లో పెరిగినోడు దోస్తుని "నీవు" అని ఎప్పుడన్నా అన్నాడా?

ఒక మనిషి కేసు చెప్తాను, నీకు దారి దొరుకుతుంది. మా కాలనీలో ఒకతను ఉన్నాడు, ముషీరాబాద్ వైపు ఒక సర్కారు బడిలో చదివాడు, దోస్తు ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాడు. మొదట రాసుకొచ్చిన కాగితం ఇలా ఉంది: "మన స్కూల్ రోజులు ఎంత మధురమైనవి! ఆ ఆటలు, ఆ అల్లరి, టీచర్ల చేతి దెబ్బలు, ఇంటర్వెల్‌లో ఉప్పూకారం చల్లిన జామకాయలు... ఆ రోజులు మళ్ళీ రావు కదా మిత్రమా." నేను ఒక్కటే అడిగాను, ఇదే కాగితం మీ క్లాసులో ఇంకో పిల్లాడికి పంపాలంటే ఏం మార్చాలి? కాసేపు చూసి "పేరు మారిస్తే చాలు సార్" అన్నాడు. అదే పరీక్ష. పేరు మారిస్తే ఇంకొకరికి సరిపోయే ఉత్తరం వాడికి రాసినట్టు కాదు, మొత్తం బ్యాచ్‌కి కొట్టిన సర్క్యులర్.

మరి వాడికే చెందిన సంగతి ఎలా దొరుకుతుంది? ఊరికే కళ్ళు మూసుకుని "స్కూల్" అనుకుంటే అందరికీ వచ్చే బొమ్మలే వస్తాయి, గంట, బెత్తం, గేటు బయట పుల్ల ఐస్ బండి. దానికి నేను చేయించేది ఏంటంటే, తెల్ల కాగితం మీద క్లాసు రూము గీయమంటాను. తలుపెక్కడ, బోర్డు ఎక్కడ, మీ బెంచీ ఎన్నోది, గోడ పక్కన నువ్వా వాడా, వాడి టిఫిన్ డబ్బా ఎలాంటిది, అందులో ఏముండేది, గేటు దగ్గర కొన్నప్పుడు డబ్బులు ఎవరు తీసేవాళ్ళు, ఇంటికి ఏ దారిన వెళ్ళేవాళ్ళు, ఎక్కడ విడిపోయేవాళ్ళు. చెయ్యి గీస్తుంటే నోరు దానంతటదే మాట్లాడుతుంది, నేను చాలామందిలో చూశాను.

అప్పటికీ రాకపోతే ఊరంతటికీ తెలిసిన ఒక రోజుని పట్టుకో. మామూలు రోజులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఏదో పెద్ద సంగతి జరిగిన రోజు మాత్రం విడిగా నిలబడుతుంది, ఆ రోజు పక్కన ఎవరున్నారో కూడా గుర్తుంటుంది. హుస్సేన్ సాగర్లో మునిగిన బుద్ధుడి విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబర్లో నిలబెట్టడం కొంతమందికి పనిచేస్తుంది, 1998 ఏప్రిల్ 22న షార్జాలో ఇసుక తుఫాను మధ్య సచిన్ ఆడిన రాత్రి చెప్తే మగపిల్లలందరూ లేచి కూర్చుంటారు. నీ వయసు లెక్కన 2000 ఆగస్టు 24 నీకు పనికొస్తుందేమో చూడు, బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడిన రోజు. నువ్వు ఇంటికెలా చేరావు, వాడు ఎలా చేరాడు, బడి మళ్ళీ తెరిచాక మొదట ఏం మాట్లాడుకున్నారు, అక్కణ్ణుంచి లాగు.

మా కాలనీ అతనికి అలా తగిలిన రోజు 1995 సెప్టెంబర్ 21. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ళకి పరిగెత్తిన రోజు. అది అనగానే ముఖం మారిపోయింది. "సార్, పాల పాకిట్ వాడే తెచ్చిండు" అన్నాడు. ఇంక రాయమన్నాను. ముందు చెప్పేది, చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, తాము చేసిన ఘనకార్యం రాసుకుంటారు. ఉత్తరం చదివేవాడు తనని తాను అందులో చూసుకోవాలి, అందుకని జ్ఞాపకంలో పని చేసేది వాడు, చూసేది నువ్వు అయి ఉండాలి. వాడు ఏం అన్నాడు, ఏం చేశాడు, అవి రాయి.

చివరికి పంపిన ఉత్తరం ఇది, అతను ఒప్పుకున్నాడు కాబట్టి పెడుతున్నాను, పేర్లు తీసేశాను.

హైదరాబాద్,
ఆదివారం పొద్దున.

మా సి సెక్షన్ లీడర్‌కి,

ఏమ్రా ఎట్లున్నవ్. నేను, మూడో బెంచీల గోడ దిక్కు కూసునేటోణ్ణి. మన పీఈటీ సార్ కొడుకు ఒక పెండ్లిల కలిసిండు, నీ అడ్రస్ ఆయన దగ్గరే దొరికింది. ముందే చెప్తున్న, ఏ పని మీద రాస్తలేను. ప్లాటు అమ్ముతలేను, పాలసీ కట్టమంటలేను, పెండ్లి పత్రిక గూడ కాదు. రాయాలనిపించింది, రాస్తున్న.

మొన్న మా గల్లీల గణపతి మండపం కాడ నిలవడ్డ, నువ్వు యాదికొచ్చినవ్. తొమ్మిదిల, వినాయకుడు పాలు తాగుతుండని ఊరంత లేచిన రోజు. లంచ్ బెల్ కొట్టంగనే మనం గోడ దుంకినం. ఏ దుకాణంల చూసినా పాలు అయిపోయినయ్ అంటుండ్రు, నువ్వు ఇంట్ల పాలకని ఇచ్చిన పైసలు జేబుల పట్టుకొని రెండు గల్లీలు తిరిగి అర లీటరు పాకిట్ సంపాయించినవ్. గుడి కాడ లైన్ల నిలవడి నిలవడి కాళ్ళు గుంజినయ్. మన వంతు వచ్చేసరికి పంతులు "స్వామి ఇగ తాగుతలేడు, పోండ్రి" అని తలుపు దగ్గరికేసిండు. నువ్వు మెట్ల మీద కూసోని, పాకిట్ మూల పండ్లతోని కొరికి, డబ్బా మూతల వోసి నాకిచ్చి "దేవుడు తాగకుంటే మనం తాగొద్దా" అన్నవ్. పచ్చి పాలు. అసొంటివి మళ్ళ ఎన్నడు తాగలే.

తెల్లారి గోడకుర్చీ ఏపిచ్చి సార్ "ఎవడు తీస్కపోయిండు" అంటే నువ్వు చెయ్యి లేపినవ్. నేను లేపిననా లేదా, అది మాత్రం నాకు యాదికొస్తలేదు. నీకున్నదా?

ఆ డబ్బాల మీ అమ్మ సర్వపిండి పెట్టేది. నాకని రెండు ముక్కలు ఎక్కువ పెట్టేది, నువ్వు ఒకటి తినేసి ఒకటే ఇచ్చేటోనివి, నాకు తెలుసు.

నా సంగతి. ఉప్పల్ కాడ ఉంటున్న, మందుల హోల్‌సేల్ షాపుల బిల్లింగ్ చూస్త. మధ్యల సొంతంగ ఒక దుకాణం పెట్టిన, నడవలే, మూసేసిన. ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్. మన బడి పాత రేకుల షెడ్లు తీసేసి బిల్డింగ్ కట్టిండ్రు, యాపచెట్టు మాత్రం ఉన్నది.

నీకు రోజెట్ల గడుస్తుంది, పొద్దున లేస్తే ఏడికి పోతవ్, సాయంత్రం ఎవరితోని కూసుంటవ్? నోట్‌బుక్ ఎనక పేజీల బస్సులు గీసేటోనివి, ఇప్పుడు గీస్తున్నవా? నాకు జల్దీ ఏం లేదు, నీకు వీలైనప్పుడు రాయి. రాసుడు కష్టమైతే కింద నంబర్ ఉన్నది, రాత్రి ఎనిమిది దాటినంక ఖాళీగనే ఉంట.

నీ పక్క బెంచోడు.

ఇంతే, రెండు పేజీలకి కొంచెం తక్కువ. ఇందులో కొన్ని కావాలని అలా రాయించినవి ఉన్నాయి, అవి చెప్తాను.

ఆ ప్లాటు, పాలసీ లైన్ నవ్వుకోవడానికి కాదు. హైదరాబాద్‌లో ఇన్నేళ్ళకి పాత స్నేహితుడు గుర్తు చేసుకున్నాడంటే జనానికి ముందొచ్చే అనుమానం ఒకటే, యాదగిరిగుట్ట రోడ్డులో వెంచర్ ఏదో వేశాడు, లేదా చిట్టీ, లేదా చెయిన్ బిజినెస్. ఆ అనుమానం మనసులో ఉన్నంతసేపూ జామకాయలూ సర్వపిండీ వాడికి రుచించవు, ఎప్పుడు అసలు విషయానికొస్తాడా అని కింది లైన్లు వెతుకుతుంటాడు. అందుకే మొదటి పేరాలోనే తీసెయ్యాలి. అడ్రస్ ఎవరిచ్చారన్నది కూడా అక్కడే చెప్పాలి, లేకపోతే అదొక గుబులు. ఒకవేళ నీకు నిజంగానే ఏదన్నా పని ఉంటే, దయచేసి ఈ ఉత్తరంలో కలపకు.

"నేను లేపిననా లేదా" అన్నది చూడు. అతనికి నిజంగానే గుర్తు లేదు, మొదట సిగ్గుపడి ఆ ముక్క కొట్టేశాడు, నేను మళ్ళీ రాయించాను. ఒకే సంఘటన ఇద్దరికీ ఒకేలా గుర్తుండదు, ఆ తేడా ఉన్నచోటే జవాబు పుడుతుంది. అన్నీ నువ్వే పూర్తిగా చెప్పేస్తే వాడు "అవును రా భలే గుర్తుంది నీకు" అని ఆగిపోతాడు. వచ్చిన జవాబులో ఆయన రాసిన మొదటి ముక్క ఏంటో తెలుసా, చెయ్యి ముందు లేపింది నేను కాదు నువ్వే, నేను గోడకేసి చూస్తూ నిలబడ్డ అని. ఇద్దరిలో ఎవరిది కరెక్టో ఇప్పటికీ తేలలేదు, ఫోన్లో కొట్లాడుకుంటున్నారు.

ఇంక ఇప్పుడెలా ఉన్నావని అడగడం. మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ఒక వరసలో ఉంటాయి, ఏం చేస్తున్నావ్, ఎక్కడ, జీతమెంత, సొంతిల్లా అద్దెనా, పెళ్ళైందా, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు. ఏడో తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఇరవై ఏళ్ళ తర్వాత ఒకేచోట ఉండరు కదా, ఒకడికి గచ్చిబౌలిలో ఫ్లాట్ ఉంటుంది, ఒకడు ఊళ్ళో ఆటో నడుపుతుంటాడు, ఒకడికి పెళ్ళి నిలవలేదు, ఒకడికి పిల్లలు లేరు. పై ప్రశ్నల్లో ఏదో ఒకటి ఎక్కడో గుచ్చుతుంది, గుచ్చినచోట కలం ఆగిపోతుంది, ఉత్తరం బీరువా మీదికి పోతుంది. "రోజెట్ల గడుస్తుంది" అంటే మాత్రం వాడు ఉద్యోగం చెప్పొచ్చు, మనవడి గురించి చెప్పొచ్చు, టీ కొట్టు దగ్గర కూర్చునే సంగతి చెప్పొచ్చు, ఏది చెప్పాలో వాడి చేతిలో ఉంటుంది. దాని పక్కన చిన్న ప్రశ్న ఒకటి ఉండాలి, అవును కాదు అని తేలిగ్గా రాసేయగలిగేది, బస్సుల బొమ్మలు ఇంకా గీస్తున్నవా లాంటిది. పెద్ద ప్రశ్నకి జవాబు రాయలేనివాడు దీన్ని పట్టుకుని మొదలుపెడతాడు. ఈ రెండూ చాలు.

అమ్మానాన్నల గురించి మరీ జాగ్రత్త. "అమ్మ ఎలా ఉంది, నాన్న బాగున్నారా" అని అలవాటుగా రాసేస్తాం, ఇన్నేళ్ళలో ఏం జరిగిందో నీకు తెలియదు. పోయి ఉంటే ఆ వాక్యం చదవగానే వాడికి నీకు ఆ కబురు చెప్పాల్సిన బరువు మీద పడుతుంది. బదులుగా ఆవిడ పెట్టింది ఏదన్నా గుర్తు చెయ్యి, ప్రశ్న వెయ్యకు. పైన సర్వపిండి ముక్క అందుకే ఉంది. ఆవిడ ఉంటే వాడు ఆ కాగితం ఆవిడకి చదివి వినిపిస్తాడు, లేకపోతే వాడే చెప్తాడు. ఈ కేసులో ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది, జవాబులో సగం పేజీ ఆవిడ గురించే రాశాడు, అడగకుండానే.

నీ సంగతి ముందు నువ్వు చెప్పాలి, అడిగిన తర్వాత కాదు. ఐదారు లైన్లు, పైకెత్తకుండా, ఏడవకుండా. ఒక దుకాణం మూసేసిన సంగతి ఆ ఉత్తరంలో ఒక్క వాక్యమే, కానీ అది ఉండటం వల్ల అవతల వాడికి కూడా తనది దాచుకోనక్కర్లేదనిపిస్తుంది. కాకపోతే అదే పేజీ నింపేస్తే ఉత్తరం చెయ్యి చాచినట్టు ఉంటుంది.

ఇంకోటి, నీకు నవ్వొచ్చే జ్ఞాపకం వాడికి ఏమిటో ఒకసారి ఆలోచించు. ఫీజు కట్టలేదని బయట నిలబెట్టడం, చిరిగిన నిక్కరు, వాళ్ళ నాన్న తాగొచ్చి గేటు దగ్గర గొడవ చేయడం, ఇవి క్లాసుకి కామెడీ, వాడికి కాదు. మారుపేర్లు కూడా అంతే, గుండోడా, నల్లోడా అని పైన పెట్టి మొదలుపెట్టకు, ఇంట్లో పిల్లలు కవరు చించి చదివితే ఎలా ఉంటుంది. క్లాస్ లీడర్, గోల్‌కీపర్ లాంటివి అయితే హాయిగా వాడుకో.

రాశాక కూడా పంపకుండా ఉండిపోయేవాళ్ళే ఎక్కువ. ఇది నేనొక్కణ్ణే అనడం లేదు, కెనడాలోని సైమన్ ఫ్రేజర్, బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీల వాళ్ళు దీని మీద పని చేసి 2024లో అచ్చువేశారు. పాత స్నేహితుడికి రాయాలని ఉండి, అడ్రస్ ఉండి, రాసుకోవడానికి టైమ్ ఇచ్చి కూర్చోబెట్టినా పంపింది మూడోవంతు కన్నా తక్కువే. ఇప్పుడు టచ్‌లో ఉన్న స్నేహితులకి ముందు కాసేపు మెసేజ్‌లు పెట్టించి, ఆ తర్వాత పాతవాళ్ళకి రాయమంటే పంపేవాళ్ళు సగం దాటారట. కాబట్టి నువ్వు కూడా ఆదివారం కూర్చుని ముందుగా రోజూ మాట్లాడే ఇద్దరు ముగ్గురికి నాలుగు ముక్కలు రాసి, ఆ ఊపులో ఇది రాసేయి, అదే రోజు డబ్బాలో వేసేయి. మర్నాటికి ఉంచితే దిద్దడం మొదలుపెడతావు, మళ్ళీ "ఉభయకుశలోపరి" వచ్చి కూర్చుంటుంది.

పోస్టు సంగతి తెలిసినవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. మామూలు కవరుకి 20 గ్రాముల దాకా ఐదు రూపాయల స్టాంపు. ఒక ఏ4 కాగితం ఐదు గ్రాముల లోపే తూగుతుంది, అంటే పల్చటి కవరుతో కలిపి మూడు కాగితాలు పడతాయి, పాత గ్రూప్ ఫోటో కాపీ పెడితే మాత్రం కౌంటర్లో తూయించు, స్టాంపు తక్కువైతే ఆ తేడా మీద పెనాల్టీ వేసి వాడి దగ్గర వసూలు చేస్తారు, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి కలిసి వాడి చేతే డబ్బులు కట్టించినట్టవుతుంది. ఇన్లాండ్ లెటర్ రెండున్నర రూపాయలే కానీ చోటు సరిపోదు. పిన్‌కోడ్ ఆరంకెలు తప్పకుండా వెయ్యి, చిన్న ఊరైతే పోస్టు, మండలం, జిల్లా మూడూ రాయి, తెలంగాణలో 2016లో జిల్లాలు మారాయి కాబట్టి వాళ్ళిచ్చిన పాత అడ్రస్‌లో జిల్లా పేరు ఇప్పుడు అదే ఉందో లేదో చూసుకో.

స్పీడ్ పోస్టులో పంపాలా అని అడుగుతుంటారు. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, ఎక్కడిదాకా వెళ్ళిందో ఫోన్లో చూసుకోవచ్చు, ఆ సౌకర్యం నిజమే. కానీ సంతకం పెట్టి తీసుకునే కవరంటే మనిళ్ళల్లో బ్యాంకు నోటీసో కోర్టు నోటీసో అని ముందు గుండె దడ, నేనైతే మామూలు పోస్టులోనే వేయిస్తాను, చేత్తో రాసిన అడ్రస్ కనపడుతుంటే వాడికి చేరే దాకా ఎవరూ కంగారుపడరు. కవరు వెనక నీ అడ్రస్ పూర్తిగా రాయి. వాడు ఆ ఇల్లు మారిపోయి ఉంటే పోస్ట్‌మ్యాన్ దాని మీద కారణం రాసి నీకే తిప్పి పంపిస్తాడు, అప్పుడు అడ్రస్ ఇచ్చినాయన్ని మళ్ళీ అడగొచ్చు. తిరిగి రాకుండా, జవాబూ లేకుండా రెండు నెలలు దాటితే ఒక్క కార్డు ముక్క రాయి, "అందిందా" అని మాత్రం అడగకు, బడి దగ్గర ఏదన్నా కొత్త సంగతి ఉంటే అది రాయి. దానికీ రాకపోతే ఊరుకో, ఆ నంబర్‌కి మాత్రం ఫోన్ చేసి ఉత్తరం ఎందుకు చూడలేదని నిలదీయకు.